మెనూ రెండో పేజీలో ఫోటో

మూఢం వస్తే పెళ్లి వంటలవాళ్ల గతి ఏమిటో పంచాంగం రాసేవాళ్లకు ఏం తెలుసు? గడిలో ఒక మాట రాసి పారేస్తారు, అంతే. ఇక్కడ మూడు నెలలపాటు అండాలు బోర్లా పడుకుంటాయి. పద్దెనిమిది మంది పనివాళ్లు నా మొహం చూస్తారు, నేను గోడ మొహం చూస్తాను. తర్వాత వాళ్లు చెన్నై హోటళ్లకు పోతారు. పోయినవాళ్లలో సగం మంది తిరిగి రారు.

నా పేరు జ్ఞానాంబ. తిరుపతిలో జ్ఞానాంబ కేటరింగ్ అంటే నేనే. మా ఆయన పోయాక మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు నడిపాను. నా నోరు మంచిది కాదని ఊరంతా చెబుతారు, వంట మంచిదని కూడా వాళ్లే చెబుతారు.

ఈసారి మూఢం మొదలైన వారానికే మా కోడలు హేమశ్రీ లాప్‌టాప్ పట్టుకుని నా ముందు కూర్చుంది. పెళ్లికి ముందు బెంగళూరులో ఒక కంపెనీ హెచ్ఆర్‌లో రెండేళ్లు పనిచేసిన పిల్ల.

"అత్తా, కంపెనీలకు మూఢం లేదు," అంది. "ఫ్యామిలీ డే అంటారు, ఆన్యువల్ డే అంటారు, నెలనెలా పుట్టినరోజులు చేస్తారు. రేణిగుంట నుంచి తడ దాకా ఎన్ని ఫ్యాక్టరీలు ఉండాయో సూడు. మనమే మెయిల్ రాద్దాం."

"ముక్కూ మొహం తెలియనోళ్లకు ఉత్తరం రాస్తే ఎవురు పలుకుతారే?"

"వందలో ముగ్గురు పలికినా సాలు."

అది ఒట్టి మాటలు చెప్పే పిల్ల కాదు. రెండు రోజులు కూర్చుని అరవై నాలుగు కంపెనీల హెచ్ఆర్ వాళ్ల పేర్లు వెతికి పట్టింది. ఒక్కొక్కరికీ పేరు పెట్టి విడిగా రాయాలట. గుంపుగా పంపితే చెత్తబుట్టలో పడుతుందట, అందుకే రోజుకు పదే పంపాలట. ఏడెనిమిది లైన్లు దాటితే ఎవరూ చదవరట. ఫోటోలు కుక్కకుండా మెనూకు ఒక లింకు మాత్రం ఇవ్వాలట. చివర్లో అడిగేది ఒక్కటే ఉండాలట: పదిమందికి సరిపడా వండి తెస్తాం, ఉచితంగా రుచి చూడండి, ఏ రోజు రమ్మంటారు? అంతే.

"మొదటి లైను మనం ఎవురిమో. రెండో లైను ఎంతమందికి వండగలమో, లైసెన్సు నంబరు. మూడో లైను ముఖ్యం అత్తా," అంది. "అందరూ రుచి, శుభ్రం అనే రాస్తారు. హెచ్ఆర్ వాళ్లకు రుచి గురించి భయం ఉండదు. వెయ్యిమంది తిన్నాక ఒక్కరికి వాంతి అయినా వాళ్ల ఉద్యోగం పోతుంది, వాళ్ల భయం అదీ. దానికి జవాబు చెప్పే మాట ఒకటి సెప్పు."

నోరా, వీపుకు చేటు తేకే అని ఊరికే అనలేదు పెద్దలు. నా నోరు ఆగలేదు.

"ఇరవై రెండేండ్లలో మా అన్నం తిని ఒక్కరికి కడుపునొప్పి కూడా రాలేదని రాయి."

"అబ్బా, ఇదత్తా!" అని టకటకా కొట్టేసింది. నేను లేచి వంటింట్లోకి పోయాను. చెంబెడు నీళ్లు తాగాను. ఆ మాట పచ్చి అబద్ధం.

ఆ సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. దాచి దాచి నాకు విసుగొచ్చింది.

పద్నాలుగేళ్ల కిందట పలమనేరులో ఒక క్రైస్తవుల పెళ్లి. ఐదువందల మందికి చికెన్ బిర్యానీ. ముందురోజు రాత్రే చికెన్‌కు మసాలా పట్టించి పెట్టాం. ఐసు తెస్తానన్నవాడు తేలేదు. పలమనేరు చల్లటి ఊరు కదా, ఏమీ కాదులే అనుకున్నాను. పొద్దున మా వంటమాస్టర్ వెంకటముని మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "అక్కా, ఇది వొద్దు, పారేద్దాం," అన్నాడు. పారేస్తే ఐదువందల మందికి పన్నెండు గంటలకల్లా ఏం పెట్టాలి? చర్చిలో గంట కొడుతున్నారు. "నిమ్మకాయ పిండు, మసాలా దట్టించు, బాగా ఉడికితే ఏమీ కాదు," అన్నాను. ఉడికితే పోయే రకం విషం కాదది అని తర్వాత తెలిసింది. మూడు గంటలకల్లా ముప్పై మంది దాకా వాంతులు చేసుకున్నారు. పెళ్లికూతురికే సాయంత్రం సెలైన్ ఎక్కించారు. దేవుడి దయ, ఎవరి ప్రాణం మీదికీ రాలేదు.

ఏం పెట్టావని జనం నన్ను చుట్టుముట్టారు. అప్పుడు నేను పెరుగు వైపు చూపించాను. పెళ్లికూతురి మేనమామ తన ఆవుల పాలతో తోడుపెట్టి, ఆరు స్టీలు క్యాన్లలో తెచ్చిన పెరుగు. అక్కడ పాడి ఉన్న ఇళ్లలో పెరుగు బయట కొనరు, మేనమామ తేవడం వాళ్ల మర్యాద. "మా వంటలో ఏమీ లేదు, బయటి నుంచి వచ్చింది అదొక్కటే," అన్నాను. అంతే, జనమంతా ఆయన వైపు తిరిగారు.

ఆ మనిషి వాదించలేదు. ఒక చెంబు ముంచుకుని పెరుగు గటగటా తాగాడు. నోరు తుడుచుకుని, "సూడండి, నేను ఈడే నిలబడతా," అన్నాడు. పందిట్లో నడిమధ్య నిలబడ్డాడు. గంట గడిచింది, ఆయనకు ఏమీ కాలేదు. కానీ అప్పటికే ఎవరూ ఆయన్ను చూడడం లేదు. నిందపడిన మనిషి ఏం చేసినా ఎవరికి కావాలి? నేను అండాలు కడిగించుకుని బండెక్కాను. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు.

ఆ రోజు నుంచి ఐసు లేకుండా నా బండి కదిలింది లేదు. అది పుణ్యం కాదు, భయం.

మెయిళ్లు పోయాయి. నాలుగు అడ్రసు తప్పని వెనక్కి వచ్చాయి. ఒకడు ఇంకెప్పుడూ పంపొద్దని రాశాడు. వాడి పేరు అడిగి గట్టిగా నాలుగు తిట్టాను, ఇంట్లోనే. మిగతావాళ్లు ఉలుకూ పలుకూ లేరు. అన్నీ పంపాక ఐదో రోజున అదే మెయిల్ కింద హేమశ్రీ ఇంకో రెండు లైన్లు రాసి మళ్లీ పంపింది. గుర్తుచేయడం అంటారట దాన్ని. మరుసటి రోజు పదకొండు గంటలకు, "అత్తా, పలికినారు!" అని అరిచింది.

రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్ సామాన్లు చేసే ఒక ఫ్యాక్టరీ. హేమశ్రీ తెలుగులో చదివి వినిపించింది.

"మీ మెయిల్‌కు ధన్యవాదాలు. వచ్చే నెలలో పన్నెండు వందల మందికి ఫ్యామిలీ డే ఉంది. గురువారం పదకొండున్నరకు పదిమందికి సరిపడా తీసుకురండి. బిర్యానీ, పెరుగుపచ్చడి తప్పనిసరిగా ఉండాలి. మీ మెనూ రెండో పేజీలో ఉన్న ఫోటో గురించీ, మీ మెయిల్‌లో మూడో లైను గురించీ ఒక ప్రశ్న ఉంది. అది నేరుగా అడుగుతాను. నిస్సీ, హెచ్ఆర్."

"ఏ ఫోటోనే?" అన్నాను.

"పాత ఆల్బంలో ఉండిందత్తా. శానా కళగా ఉండాదని పెట్టినాను." లాప్‌టాప్ నా వైపు తిప్పింది.

పందిరి, పక్కన వరసగా ఆరు స్టీలు క్యాన్లు. వాటి వెనక తెల్ల చొక్కాలో నవ్వుతూ నిలబడ్డ మనిషి. పెళ్లి ఫోటోగ్రాఫరు భోజనాలకు ముందు తీసి తర్వాత మాకు పంపిన ఫోటో, నేనెప్పుడూ విప్పి చూడనిది. ఆ మనిషి నవ్వు నేను చూడటం అదే మొదటిసారి. నేను చూసినప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు.

ఎవరికీ కడుపునొప్పి రాలేదని రాసి, దాని కింద ఆ పెళ్లి ఫోటోనే అతికించి అరవై నాలుగు మందికి పంపాం. ఇంతకంటే తెలివితక్కువ దొంగ ఎక్కడైనా ఉంటుందా?

"ఏమత్తా, అట్లా చెమటలు పడతాండాయి?" అని హేమశ్రీ పైట చెంగుతో నా మొహం తుడిచింది.

"ఎండ," అన్నాను. అప్పుడు మంచు కురిసే నెల.

వెంకటమునిని పెరట్లోకి పిలిచి చెప్పాను. ఆ రోజు సంగతి తెలిసినవాళ్లం మేమిద్దరమే. వాడు బీడీ ముట్టించబోయి అగ్గిపుల్ల చేతిలోనే ఆర్పేశాడు.

"పోవద్దక్కా. ఒంట్లో బాగాలేదని రాయించు."

"రాయిస్తే? ఆమె ఊరుకుంటాదా? హెచ్ఆర్ వాళ్లంతా ఒకరికొకరు తెలిసినోళ్లేనంట. ఒక్క మెసేజి పెడితే మన పేరు రేణిగుంట నుంచి తడ దాకా పాకిపోతాది. ఆడ నుంచి పెళ్లిళ్లోళ్లకు."

"పోతే మాత్రం? పిలిచి అందరి ముందరా చెప్పుతో కొట్టినట్టు అడుగుతాది."

"ఏమో, ఊరికే అడుగుతాదేమో. క్యాన్లు యాడ కొన్నారు అని."

వాడు నన్ను జాలిగా చూశాడు. "గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉండావక్కా," అన్నాడు. వాడి మీద అరవడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.

గురువారం దాకా నిద్ర లేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాను. గ్యాసు తెచ్చినవాడు గేటు తడితే కూడా పోలీసులేమో అనిపించింది. ఎవరీ నిస్సీ? పెళ్లికూతురా? ఆ రోజు సెలైన్ ఎక్కించుకున్న ఎవరి కూతురో? ఫోటోగ్రాఫరు మనిషా? రకరకాలుగా అనుకున్నాను. తప్పు ఒప్పుకుంటే పద్దెనిమిది మంది వీధిన పడతారు అని ఒకవైపు. ఒప్పుకోకపోతే ఆమె దగ్గర ఏం సాక్ష్యం ఉందో అని ఇంకోవైపు. చివరికి ఒకటే నిశ్చయించుకున్నాను. పద్నాలుగేళ్ల నాటి చికెన్ ఎవరి దగ్గరా లేదు. బుకాయిస్తే చాలు.

గురువారం ఆరు గంటలకే వంట మొదలుపెట్టాం. చికెన్ ఆ పొద్దునే కొట్టించి తెచ్చి, ఐసులో పెట్టి, మసాలా పట్టించాం. బిర్యానీ వేడి డబ్బాల్లో, పెరుగుపచ్చడి ఐసు పెట్టెలో సర్దుకున్నాం. నా కొడుకు మునిప్రసాద్ వ్యాను తోలాడు. రేణిగుంట రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా నేను ఐసు పెట్టె మూత తడిమి చూసుకున్నాను.

గేటు దగ్గర ఫోన్ కెమెరాలకు స్టిక్కర్లు అంటించారు. డబ్బాలు తూచి, మూతలు తీసి, మా పేర్లు రాసుకుని, మెడలో బిళ్లలు వేశారు. జైలుకు పోయేవాళ్లకు కూడా ఇట్లాగే వేస్తారేమో అనుకున్నాను.

క్యాంటీన్ పక్కన పొడుగాటి బల్ల. తొమ్మిది మంది కూర్చుని ఉన్నారు. పదో మనిషి లేచి నిలబడి, "నేనే నిస్సీ," అంది. పాతికేళ్లు దాటిన పిల్ల. నూనె రాసి గట్టిగా లాగి వేసిన జడ, మెళ్లో ఐడి కార్డు. నవ్వలేదు, కోపంగానూ లేదు. ఆ మొహం ఎక్కడ చూశానో నాకు అందలేదు.

సేఫ్టీ ఆఫీసరు యోగానంద అనే ఆయన ముందు బిర్యానీలో సూది లాంటి థర్మామీటరు గుచ్చాడు. డెబ్బై ఒకటి. తర్వాత పెరుగుపచ్చడిలో గుచ్చాడు. నాలుగు. "బాగుండాది," అని రాసుకున్నాడు. ప్రతి వంటలోనూ కొంచెం తీసి చిన్న డబ్బాల్లో పెట్టి, తేదీ చీటీ అంటించి ఫ్రిజ్‌లో పెట్టించాడు.

"మూడు రోజులు ఉంచుతామమ్మా. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే టెస్టుకు పంపుతాం. నిజం డబ్బాలోనే ఉంటాది కదా, ఒకరి మీద ఒకరు చెప్పుకునే పని ఉండదు," అన్నాడు మామూలుగా.

చీటీలంటించిన ఆ డబ్బాలు లెక్కపెట్టాను. ఆ రోజు పలమనేరులో ఇట్లాంటి చిన్న డబ్బా ఒక్కటి ఉండి ఉంటే ఏమయ్యేది నా గతి? ఏమయ్యేది ఆ మనిషి గతి?

తిన్నారు. బాగుందన్నారు. ఇద్దరు రెండోసారి వేయించుకున్నారు. హేమశ్రీ మొహం వెలిగిపోయింది. నిస్సీ బిర్యానీ తింది, వంకాయ కూర తింది. పెరుగుపచ్చడి గిన్నె మాత్రం ముట్టుకోలేదు. నేను ఆ గిన్నె వైపే చూస్తున్నాను.

అందరూ లేచాక ఆమె మమ్మల్ని పక్కనున్న చిన్న గదిలోకి తీసుకుపోయింది. నన్నూ హేమశ్రీనీ. తలుపు వేసింది. లాప్‌టాప్‌లో ఆ ఫోటో తెరిచి నా ముందు పెట్టింది.

"ఇది ఏ పెండ్లి అమ్మా?"

"గుర్తు లేదు తల్లీ. ఎన్నో చేసినాం."

"పలమనేరు. పద్నాలుగేండ్లు అయింది. మీ అండాల మీద ఎర్ర రంగుతో జ్ఞానాంబ అని రాసి ఉండింది. నాకు అప్పుడు పదమూడేండ్లు, అక్షరం అక్షరం చదివినాను." వేలు ఆ తెల్లచొక్కా మనిషి మీద పెట్టింది. "ఈయన మా నాయన. జయరావు."

హేమశ్రీ నా వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూసింది.

"మూడో లైను నిజమేనా?"

"నిజమే," అంది నా నోరు. నేను కాదు, నా నోరు.

ఆ పిల్ల అరవలేదు. ఒక కాగితం ముందుకు తోసింది.

"సరే. ఇది వెండర్లందరితో నింపించే ఫారమే. మీకని ప్రత్యేకంగా చేసింది కాదు. ఏడో ప్రశ్న: గతంలో మీ ఆహారం వల్ల ఎవరికైనా అస్వస్థత కలిగిందా? అవును, కాదు. అవునంటే వివరాలు. కింద సంతకం. మీరు ఏం రాసినా నేను వాదించను. ఎంపిక చేసేది నేను కాదు, యోగానంద సారూ అడ్మిన్ వాళ్లూ. ఈ ఫోటో గురించి వాళ్లకు చెప్పలేదు, చెప్పను కూడా."

పెన్ను తీసుకున్నాను. కాదు అనే గడిలో ఒక గీత పెడితే అయిపోతుంది. పన్నెండు వందల మంది భోజనం. పద్దెనిమిది మంది బతుకు. పెన్ను మొన కాగితానికి ఆనించాను.

"మీరు రాస్తా ఉండండి, నేను ఒకటి చెప్తాను," అంది నిస్సీ. "మా ఇంట్లో ఇప్పటికీ పెరుగు ముందు మా నాయనే తాగుతాడు. ఒక గ్లాసు. తాగి గడియారం చూసుకుంటా కూర్చుంటాడు. గంట అయినాక, 'ఇంక తినండి' అంటాడు. ఎవురూ అడగలేదు ఆయన్ని. అమ్మ ఎంత ఏడ్చినా మానలేదు. పద్నాలుగేండ్లుగా దినామూ అంతే. నేను హాస్టల్‌కు వచ్చిన మొదటిరోజు పెరుగన్నం పెడితే గంట ఆగినాను. పక్కమ్మాయి నవ్వింది. ఎందుకాగినానో నాకే అప్పుడు తెలిసింది."

హేమశ్రీ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"మా ఆనందమ్మత్త, ఆ పెండ్లికూతురి తల్లి, మా నాయనకు సొంత అక్క, ఆ పొద్దు నుంచి మా గడప తొక్కలేదు. ఏ శుభకార్యానికీ మా నాయన్ని పాలు తెమ్మనలేదు. ఆయన పోడు కూడా. పిలిచినా వాకిట్లో నిలబడి కట్నం చదివించి వచ్చేస్తాడు, పందిట్లోకి పోడు."

ఇంక నేను ఆపుకోలేకపోయాను. ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. నా మీదే. ఇంత వయసొచ్చి, ఇంత నోరుండి, ఒక్క మాట తిప్పుకోలేని నోరు దేనికి? "అవును" దగ్గర గీత పెట్టాను. వివరాల గడిలో తెలుగులో రాశాను. ఐసు రాలేదు. చికెన్ చెడిందని మాస్టర్ చెప్పినా నేనే వండమన్నాను. ముప్పై మందికి వాంతులైనాయి. జయరావుగారి పెరుగులో ఏ దోషమూ లేదు. ఆయన మీద అబద్ధం చెప్పింది నేను. గడి చాలలేదు, వెనకవైపు కూడా రాశాను. సంతకం పెట్టాను.

నిస్సీ చదివింది. కళ్లు తుడుచుకుని ఆ కాగితం ఫైల్లో పెట్టింది.

"ఇది యోగానంద సార్‌కు పోతాది. ఆయన ఏమంటాడో నాకు తెలీదు," అంది. "కానీ ఈ కాగితం మా నాయనకు చేరదమ్మా. ఆయనకు మెయిలూ లేదు, ఈ ఫైలు ఆయన చూసేదీ లేదు. ఆదివారం చర్చి నుంచి పదకొండుకు ఇంటికొస్తాడు."

తిరుపతి వచ్చాక హేమశ్రీ, "అరవై నాలుగు మందికీ నా పేరుతోనే పంపినానత్తా," అని మాత్రం అంది. ఆ రాత్రే మెనూలోంచి ఫోటో తీసేసి, ఆ మూడో లైను తప్పని అందరికీ మళ్లీ రాసింది. నన్ను అడగలేదు. నేనూ ఆపలేదు.

ఆదివారం పలమనేరు బస్సెక్కాను. హేమశ్రీ వస్తానంటే వద్దన్నాను. వెంకటముని వస్తానని అననే లేదు. చిత్తూరు దాటి బస్సు పైకి ఎక్కేకొద్దీ చలి పెరిగింది, నాకు మాత్రం వీపంతా చెమటే. మొగిలి దగ్గర దిగిపోదామా అనిపించింది. ఆయన కొడవలి తీసి నరికినా అడిగేవాళ్లు లేరు కదా అని కూడా అనుకున్నాను. ఆ మనిషి అట్లాంటివాడు కాదని నాకు తెలుసు, అదే ఎక్కువ భయం. నరికేవాడైతే ఒక్కసారితో పోతుంది.

ఊరి చివర రేకుల ఇల్లు. కొట్టంలో రెండు ఆవులు. అప్పుడు ఆరుండేవట. జయరావు వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, తెల్ల చొక్కాలోనే. జుట్టంతా నెరిసింది. నన్ను చూసి లేచాడు. గుర్తుపట్టాడో లేదో తెలియలేదు.

"రామ్మా. నిస్సీ ఫోన్ చేసింది, ఎవురో వస్తారని. ఎండన పడి వచ్చినట్టుండావు. కూచో."

లోపలికి పోయి ఒక గిన్నెలో పెరుగూ రెండు గ్లాసులూ తెచ్చాడు. ఒక గ్లాసు నింపుకుని నిలబడే తాగాడు. రెండోది నింపి నా ముందు స్టూలు మీద పెట్టి, దాని మీద చేయి అడ్డం ఉంచాడు. గోడ గడియారం వైపు చూశాడు.

"కొంచేపు ఆగమ్మా. గంట. మా ఇంటి అలవాటు," అన్నాడు.

ఆ చేయి చూస్తూ ఇంకో నిమిషం కూర్చోవడం నావల్ల కాలేదు.

"అయ్యా, నేను జ్ఞానాంబను. ఆ వంటలమ్మను. ఆ పొద్దు చెడింది నా చికెన్. నాకు తెలిసే వండినాను. నీ పెరుగు మీద అబద్ధం చెప్పినాను."

ఆయన చేయి గ్లాసు మీద నుంచి కదలలేదు. ఆయన తిడితే బాగుండునని నేను ఎదురుచూశాను.

"నాకు తెలుసమ్మా," అన్నాడు చివరికి. "తాగినోన్ని నేను కదా. నా పెరుగు సంగతి నాకు తెలీదా?"

"మరి ఈ గంట ఆగడం..."

"ఏం చేసేది? నాకు తెలిస్తే సాలదే. తినేవోళ్లకు తెలియాల." గొంతులో కోపం లేదు. అలిసిపోయిన గొంతు. "నువ్వు నాకు చెప్పి ఏమి లాభం? నేను ఒక్కన్నే కదా నమ్మినోన్ని, అప్పుడు గానీ ఇప్పుడు గానీ."

చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని వెతికాడు. నొక్కాడు. స్పీకరు పెట్టి స్టూలు మీద, గ్లాసు పక్కన ఉంచాడు. తెరమీద "అక్క" అని ఉంది. రింగు పోతోంది. లేచి పరిగెత్తాలనిపించింది. ఆనందమ్మకు ఒక్కసారి తెలిస్తే పలమనేరుకంతా తెలుస్తుంది, సాయంత్రానికి తిరుపతికి వస్తుంది. జ్ఞానాంబ అనే పేరు ఇంక ఏ పందిట్లోనూ ఉండదు. రింగు పోతూనే ఉంది. ఎత్తకూడదు దేవుడా, ఎత్తకూడదు అనుకున్నాను.

ఎత్తింది. అటువైపు ఎవరో పిల్లలు గోల చేస్తున్నారు.

"ఏం జయరావూ," అంది ముసలి గొంతు, ముభావంగా. "ఇన్నేండ్లకు?"

జయరావు నా వైపు చూశాడు. ఆ పందిట్లో నడిమధ్య నిలబడి జనం వైపు చూసిన చూపే అది.

నేను ముందుకు వంగాను. ఆయన చేయి మెల్లిగా పక్కకు జరిపి, గంట కాకముందే గ్లాసు ఎత్తి, పెరుగంతా తాగేశాను. కమ్మగా ఉంది. నోరు తుడుచుకున్నాను.

"అమ్మా, ఆనందమ్మా," అన్నాను. "నేను మీ బిడ్డ పెండ్లికి వండిన జ్ఞానాంబను. మీ తమ్ముని వాకిట్లో కూచోనుండాను. ఫోన్ పెట్టేయొద్దు. మీ ఇంట్లో ఉండేవోళ్లనందరినీ పిలువు, నేను ఒక మాట చెప్పాల."